పది క్యాప్షన్లు, ఒక ఫొటో: యువ రచయితకు లేఖ

నెల్లూరు

చిరంజీవి తమ్ముడికి,

రొట్టెల పండుగ ఫొటోకు నువ్వు పంపిన రెండో విడత పది క్యాప్షన్లు అందాయి. మొదటి విడత పదింటి గురించి ముందుగా ఒక మాట చెప్పాలి. ఆ తప్పు సగం నాది. "ఈ ఫొటోకు పది క్యాప్షన్లు రాసి పంపు" అని మాత్రమే అడిగాను. నువ్వు పంపినవి పదీ ఒకే వాక్యం. చొక్కా మార్చుకుని పదిసార్లు గుమ్మంలోకి వచ్చిన మనిషిలా ఉన్నాయి. "విశ్వాసం రొట్టెగా మారిన వేళ" అన్నది ఒకటి, "నమ్మకం చేతులు మారిన వేళ" అన్నది ఇంకొకటి. మూడింటి చివర "దృశ్యం" ఉంది. ఒకదానిలో భక్తజనం సంద్రమై పోటెత్తింది. ఫొటోలో ఉన్నది చూస్తే ఇద్దరు ఆడవాళ్లు, ఒక బిడ్డ!

ఎవరికైనా మొదటి మూడు నాలుగు ఇలాగే వస్తాయి. అవి మనవి కావు. పత్రికల్లో చదివీ చదివీ చేతికి అలవాటైపోయినవి. పది అడగడంలో ఉద్దేశం అవి ముందే అయిపోవాలని. అయితే పది అన్న అంకె ఒక్కటే ఆ పని చేయదు. ఏ రెండూ ఒకే పని చేయకూడదని అడిగేవాడు ముందే చెప్పాలి. అందుకే రెండోసారి పంచి అడిగాను: రెండు బిడ్డతో మొదలవ్వాలి, రెండు రొట్టెతో మొదలవ్వాలి, రెండు ఫొటోలో కనిపించని సంగతి చెప్పాలి, ఒకటి ఆరు మాటలు దాటకూడదు, ఒకటి ఏ అలంకారమూ లేని వార్తలా ఉండాలి, మిగిలిన రెండూ నీ ఇష్టం. చోటు ఎంతో కూడా చెప్పాను. పుస్తకంలో ఆ ఫొటో కింద పట్టేది రెండు వరుసలు, మహా అయితే ఇరవై మాటలు. ఈసారి వచ్చినవి నిజంగా పది.

ఇక ఫొటో. రొట్టెల పండుగ రోజు, బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువు, మోకాలి లోతు నీళ్లు. ఎడమవైపు ఆమె కొంగులో మూటగట్టి తెచ్చిన రొట్టెను విప్పుతోంది. కుడివైపు ఆమె చంకలో బిడ్డ, చాచిన చేయి. వెనక కొంచెం మసకగా "సంతాన రొట్టె" అన్న బోర్డు. మన జిల్లా వాళ్లకు పద్ధతి తెలుసు: కోరిక ఉన్నవాళ్లు రొట్టె అందుకుంటారు, కోరిక తీరినవాళ్లు తర్వాత వచ్చి రొట్టె ఇస్తారు. బయటి ఊరివాళ్లకు అదీ తెలియదు. కానీ ఈ ఫొటో మనవాళ్లను కూడా తికమక పెడుతుంది. బిడ్డ రొట్టె అందుకుంటున్న ఆమె చంకలో ఉంది. ఇంత చక్కని బిడ్డ ఉండగా ఈమె సంతాన రొట్టె కోసం ఎందుకు వచ్చింది అనిపిస్తుంది. అసలు సంగతి నువ్వు అక్కడ నిలబడి ఉన్నావు కాబట్టి నీకు తెలుసు. బిడ్డ రొట్టె ఇస్తున్న ఆమెది. మూట విప్పడానికి చేతులు ఖాళీ లేక, ఒక్క నిమిషం ఎదుటి ఆమెకు ఇచ్చింది. ఈ ఫొటోకు క్యాప్షన్ అవసరం అందుకే. కన్ను పొరపాటు పడే చోట దాన్ని సరిచేయాలి. "రొట్టెలు మార్చుకుంటున్న మహిళలు" అని రాస్తే కంటికి కనిపించినదాన్నే మళ్లీ చెప్పినట్టు.

నీకు బాగా నచ్చింది ఆరోదని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది: "తీసుకున్న చేయి, ఇస్తున్న చేయి." నాకూ నచ్చింది. కానీ ఆ రోజు చెరువులో తీసిన ఏ ఫొటో కిందనైనా అది సరిపోతుంది. దాన్ని ఆ పుటల శీర్షికగా దాచిపెట్టు. క్యాప్షన్ ఈ ఒక్క ఫొటోకే అతకాలి.

నేను తీసుకున్నవి నాలుగు, ఎనిమిది.

నాలుగోది: "నిరుడు ఇదే నీళ్లలో సంతాన రొట్టె అందుకున్న తల్లి, ఈసారి రొట్టె ఇవ్వడానికి వచ్చింది."

ఎనిమిదోది: "రొట్టె విప్పడానికి రెండు చేతులూ కావాలి కదా, అందుకే బిడ్డను ఎదుటి మహిళ కాసేపు ఎత్తుకున్నారు."

నాలుగోదానిలో కథ ఉంది, మనుషులు కనిపించరు. ఎనిమిదోదానిలో మనుషులు కనిపిస్తారు, వాళ్లు ఎందుకు వచ్చారో తెలియదు. ఒకదానిలో లేనిది రెండోదానిలో ఉంది కాబట్టే ఈ రెండూ కలుస్తాయి. రెండూ ఒకే సంగతిని అందంగా చెప్పి ఉంటే కలపడం దండగ, బాగున్నదాన్ని ఉంచి రెండోది కొట్టేయడమే. చేపల పులుసులో మామిడికాయ వేసిన రోజు మీ అమ్మ చింతపండు తగ్గిస్తుందా లేదా, చూడు. మూడోదాన్ని కూడా కలుపుదామని నువ్వు అడిగావు. ఇరవై మాటల్లో దానికి కూర్చునే చోటు లేదు.

కలిపే ముందు విడివిడిగా ఒక్కొక్కటీ నిజమో కాదో చూడాలి. నాలుగోదానిలో "నిరుడు" దగ్గర నేను ఆగిపోయాను. పండుగ మొహర్రం నెలలో వస్తుంది. ఆ లెక్కన ఏడాది అంటే 354 రోజులు, మన ఏడాది కంటే పది పదకొండు రోజులు తక్కువ. నిరుడు రొట్టె అందుకున్నాక కడుపు పండిందనుకుంటే, తొమ్మిది నెలలు పోగా ఈ పండుగకు బిడ్డ వయసు రెండు మూడు నెలలు దాటదు. నీ ఫొటోలో బిడ్డ మెడ నిలిపి, చంకలో గట్టిగా కూర్చుని, ఎదుటి ఆమె గాజులు పట్టుకుని లాగుతోంది. ఆ బిడ్డకు ఏడెనిమిది నెలలైనా ఉండాలి. నేను అడిగాక నువ్వు ఆమెకు ఫోన్ చేస్తే రెండేళ్ల కిందట అన్నది కదా. ఫొటో పక్కన తప్పు మాట ఉంటే, పిల్లల్ని పెంచిన ఏ ఇల్లాలైనా ఇట్టే పట్టేస్తుంది.

ఆ తర్వాత నువ్వు కలిపి పంపిన వాక్యం ఇది: "రెండేళ్ల కిందట సంతాన రొట్టె అందుకుని తల్లి అయిన మహిళ రొట్టె విప్పడానికి వీలుగా తన బిడ్డను ఎదుటి మహిళకు అందించగా, ఆ బిడ్డను ఎత్తుకున్న మహిళ రొట్టె అందుకుంటున్న దృశ్యం." ఏ ముక్కనూ వదలలేకపోయావు. ముగ్గురు మహిళలు వచ్చారు, ఫొటోలో ఉన్నది ఇద్దరే. మన భాషలో విశేషణం ముందు నడుస్తుంది, మనిషి వెనక వస్తుంది. రెండు వాక్యాల విశేషణాలనూ వరుసగా ముందు నిలబెడితే, ఎవరి గురించి చెబుతున్నామో తెలిసేసరికి చదివేవాడు పుట తిప్పేస్తాడు.

పొడవు తగ్గించమంటే ఇంకోటి పంపావు: "రెండేళ్ల కిందట సంతాన రొట్టె అందుకున్న తల్లి, బిడ్డను ఎత్తుకుని రొట్టె అందిస్తోంది." చూడటానికి ముద్దుగా ఉంది. కానీ ఇది మొదటిదాని కంటే ప్రమాదం. "ఎత్తుకుని" అన్నావంటే ఎత్తుకున్నదీ అందిస్తున్నదీ ఒకరే కావాలి. బళ్లో క్త్వార్థకం అని చెప్పింది ఇదే. ఫొటోలో ఎత్తుకున్నది ఒకరు, అందిస్తున్నది మరొకరు. నాలుగోది నిజం, ఎనిమిదోది నిజం, రెండూ కలిసి అబద్ధమైపోయాయి. విడిగా ఉన్నప్పుడు ప్రతి వాక్యానికీ తన కర్త ఉంటాడు. కలిపేటప్పుడు ఒక కర్త జారిపోతాడు, అతని పని పక్కవాడికి అంటుకుంటుంది. కలిపిన ప్రతిసారీ క్రియల కింద గీత గీసి, ఒక్కొక్కదానికీ "ఎవరు?" అని అడిగి, ఫొటోలో వేలు పెట్టి చూపించు. వేలు ఎక్కడైనా తడబడితే అక్కడే తప్పు.

నేను చేసింది ఇది. ఎనిమిదోదాన్ని వెన్నెముకగా ఉంచాను, ఎందుకంటే ఫొటోలో జరుగుతున్నది అదే. నాలుగోదాని నుంచి ఆ తల్లి ఎవరో చెప్పే ముక్క ఒక్కటే తీసుకున్నాను. "రొట్టె ఇవ్వడానికి వచ్చింది" అన్నది వదిలేశాను. మూట విప్పుతోందంటే ఇవ్వడానికేనని తెలిసిపోతుంది. "కదా" కూడా పోయింది, అది మనం నవ్వుతూ పక్కన నిలబడినట్టు ఉంది. ఒక వాక్యాన్ని రెండు చేశాను.

"రొట్టె విప్పడానికి రెండు చేతులూ కావాలి. రెండేళ్ల కిందట సంతాన రొట్టె అందుకున్న తల్లి, తన బిడ్డను ఈసారి రొట్టె కోసం వచ్చిన ఆమె చేతికిచ్చింది."

మాటలు లెక్కపెట్టు, ఇరవై లోపే. ఊరు, చెరువు పేరు, సంవత్సరం కింద చిన్న అక్షరాల్లో వేస్తారు, వాటిని ఇందులోకి లాగనక్కర్లేదు. నీ నాలుగోదానిలో "వచ్చింది", ఎనిమిదోదానిలో "ఎత్తుకున్నారు" ఉన్నాయి. కలిపినప్పుడు ఇలాంటి అతుకులే ముందు కనబడతాయి. "మహిళ" అంటే "ఇచ్చారు" అనాలనిపిస్తుంది, "తల్లి" అంటే "ఇచ్చింది" అన్నా చిన్నతనం కాదు. నాకు రెండోదే ఇష్టం. "రొట్టె అందుకుని తల్లి అయిన" అన్నదాన్ని "రొట్టె అందుకున్న తల్లి" చేయడానికి కూడా కారణం ఉంది. మొదటిది రొట్టె వల్లే బిడ్డ పుట్టిందని మనం హామీ ఇచ్చినట్టు ఉంటుంది. రెండోది జరిగింది చెప్పి ఊరుకుంటుంది. ఆ నమ్మకం ఆమెది. దాన్ని కొట్టేయడానికీ, దానికి సాక్ష్యం చెప్పడానికీ మనం ఎవరం?

ఒక పని మిగిలింది. అచ్చుకు పంపే ముందు దీన్ని ఆ తల్లికి ఫోన్‌లో చదివి వినిపించు. రొట్టె కోసం వచ్చిన ఆమె నంబరు నీ దగ్గర లేకపోతే ఈమె ద్వారానే అడిగించు, ఎందుకంటే ఎక్కువ బయటపడుతున్నది ఆమె సంగతే. పిల్లలు లేరన్న మాట పుస్తకంలోకి ఎక్కడం ఆమెకు ఇష్టం లేకపోవచ్చు. ఇద్దరిలో ఎవరు వద్దన్నా నా వాక్యం కొట్టేసి, నీ పదోది వెయ్యి: "రొట్టెల పండుగ రోజు స్వర్ణాల చెరువులో రొట్టె ఇస్తున్న, అందుకుంటున్న భక్తులు." ఏ అలంకారమూ లేనిది ఒకటి రాయమన్నది అందుకే. అప్పుడు వెనక బోర్డు కనిపించకుండా ఫొటోను పైనుంచి కాస్త కత్తిరించమని ముద్రాపకుడికి చెప్పు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య