పేరు చెప్పిందే ట్యాగ్‌లైన్ చెబితే

ప్రశ్న: మా అబ్బాయి బీబీఏ పూర్తిచేసి, పలాస జీడిపప్పును చిన్న ప్యాకెట్లలో అమ్ముతానంటున్నాడు. ‘పలాస ప్యూర్ జీడిపప్పు’ అని పేరు, ‘పలాస నుంచి స్వచ్ఛమైన జీడిపప్పు’ అని ట్యాగ్‌లైన్ రాశాడు. రెండూ కుదరలేదని, హైదరాబాద్‌లో బ్రాండింగ్ కోర్సు చేస్తానంటున్నాడు. ఫీజు కట్టమంటారా, గ్రూప్స్ కోచింగ్‌కు పంపమంటారా? – ఒక తండ్రి, శ్రీకాకుళం

జవాబు: అబ్బాయికి ఈ పని చేతకాదేమోనన్న మీ బెంగకు ఆధారం లేదు. కుదరలేదని తనంతట తానే పట్టుకోగలిగాడంటే అతని చూపు సరిగానే ఉంది. ఊరు, సరుకు, స్వచ్ఛత మూడింటినీ పేరే చెప్పేసింది కనుక ట్యాగ్‌లైన్‌కు పని మిగల్లేదు. దాన్ని చేత్తో మూసి చదవండి, కొనేవారికి తెలియాల్సినది ఏమీ తగ్గదు.

పైగా ఊరి పేరు, సరుకు పేరు కలిపిన మాటను ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయించుకోవడం కష్టం. సరుకు రకాన్నీ, పుట్టిన చోటునూ మాత్రమే తెలిపే పేర్లకు 1999 నాటి ట్రేడ్‌మార్క్ చట్టం 9వ సెక్షన్ అడ్డుపడుతుంది. ‘ప్యూర్’ వంటి మాటలకు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నిబంధనల్లో షరతులు కూడా ఉన్నాయి.

అందువల్ల సరుకు మాటను పేరులోంచి తీసి ట్యాగ్‌లైన్‌లో పెట్టమనండి. ఉదాహరణకు పేరు ‘తోటవాకిలి’ అనుకుందాం. ఇది ఏం అమ్ముతున్నారో చెప్పదు కాబట్టి ఆ భారం ట్యాగ్‌లైన్ మీద పడుతుంది. ‘మా తోట నుంచి మీ వాకిలికి’ అని రాస్తే ప్రాస బాగానే ఉంటుంది కానీ, పేరునే విడదీసి మళ్లీ చెప్పినట్టవుతుంది, జీడిపప్పు ఊసే ఉండదు. ‘పలాస జీడిపప్పు, బద్ద లేని గుండు’ అంటే సరుకు తెలుస్తుంది, నాణ్యతా తెలుస్తుంది. అయితే రవాణాలో గుండ్లు విరిగి ప్యాకెట్‌లో నాలుగు బద్దలు కనిపించిన రోజున ఆ మాట అబద్ధమవుతుంది. ‘ఏరి కట్టిన పలాస జీడిపప్పు’ అన్నది నిలబడే మాట, ఎందుకంటే ఏరడం, కట్టడం రెండూ అతని చేతిలో ఉన్న పనులు. రేపు కొబ్బరి కూడా అమ్మదలిస్తే ట్యాగ్‌లైన్ ఒక్కటి మార్చుకుంటే చాలు, నమోదైన పేరు అలాగే ఉంటుంది. అయితే అచ్చువేయించే ముందు ఆ పేరు మరెవరైనా తీసుకున్నారేమో ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో, వేయించిన, శుద్ధిచేసిన పప్పులు వచ్చే 29వ తరగతి కింద వెతకాలి.

బ్రాండింగ్ కోర్సుల మీద నాకు గట్టి సందేహమే ఉంది. వాటిలో చాలావరకు లోగోలు, ప్రకటనల ఖర్చు, సోషల్ మీడియా గురించే చెబుతారు. గుండుకూ బద్దకూ తేడా తెలిసి మాట ఎంచడం పలాస బట్టీల్లో నిలబడితేనే వస్తుంది. కాబట్టి ఇప్పుడే ఫీజు కట్టకండి. గ్రూప్స్ మాట కూడా అతను అడిగితేనే ఎత్తండి. అతను అడిగింది పేరు గురించి అయితే మీరు దాన్ని ఉద్యోగం ప్రశ్నగా మార్చారు, అది తప్పు. పేరు, ట్యాగ్‌లైన్ కలిపి నాలుగైదు జతలు రాయమని చెప్పి, ఒక్కోదాన్ని తెలిసిన కిరాణా షాపు ఆయనకు ఫోన్‌లో ఒకే ఒక్కసారి వినిపించమనండి. ఆయన పేరును తప్పులేకుండా రాసుకుని, అది ఏ సరుకో తిరిగి చెప్పగలిగిన జతనే ప్యాకెట్ మీద వేయించండి.