లాభం 60 వేలు కాదు, 10 వేలు

ప్రశ్న: మా రెస్టారెంట్‌లో పన్ను పోగా నెల అమ్మకం 10 లక్షలు. దాదాపు 4,000 మంది తింటారు. సరుకులకు 3.4 లక్షలు, జీతాలకు 2.6 లక్షలు, అద్దె 1.2 లక్షలు, ప్యాకింగ్, కార్డు చార్జీలు 60 వేలు, మిగతావి 1.6 లక్షలు. 60 వేల లాభం వస్తోంది. నేనూ నా భార్యా అక్కడే పనిచేస్తాం, జీతం తీసుకోం. ఇంటిమీద అప్పు తెచ్చి పక్క హాలు కలుపుకుంటే నెలకు 45 వేల వాయిదా. తెచ్చుకోవచ్చా?

జవాబు: వద్దు. ఇలాంటి లాభాన్ని నమ్మి ఇల్లు తాకట్టు పెట్టేవారు చాలామందే ఉన్నారు.

మీ ఇద్దరి స్థానంలో మనుషులను పెడితే కనీసం 50 వేలు ఇవ్వాలి. అది లాభనష్టాల పట్టికలో రాయండి, మీ 60 వేల లాభం 10 వేలకు దిగుతుంది. సరుకులు, జీతాలు కలిపిన ప్రైమ్ కాస్ట్ అమ్మకంలో 60 శాతం నుంచి 65కు చేరుతుంది. కూర్చోబెట్టి వడ్డించే చోట ఇది చివరి గీత. పైగా ఆ 3.4 లక్షలు కొన్న సరుకా, వాడిన సరుకా? నెల మొదటి నిల్వకు కొనుగోళ్లు కలిపి, నెలాఖరు నిల్వ తీసేస్తేనే వాడకం తెలుస్తుంది. బిల్లులు కూడితే తెలియదు.

అద్దె 12 శాతం. 10 దాటితే భారమే. పక్క హాలు అద్దె ఎంతో మీరు రాయనే లేదు.

ఇప్పుడు బ్రేక్ ఈవెన్ చూడండి, అంటే లాభమూ నష్టమూ లేకుండా ఖర్చులు తీరడానికి నెలకు ఎంతమంది తినాలో. ఒక్కొక్కరి సగటు బిల్లు 250. అందులో సరుకుకు 85, ప్యాకింగ్, కార్డు చార్జీలకు 15 పోగా 150 మిగులుతుంది. మనుషులు వచ్చినా రాకున్నా కట్టాల్సినవి, మీ జీతాలతో సహా, 5.9 లక్షలు. దాన్ని 150తో భాగిస్తే 3,933 మంది. అంటే మీకున్న వెసులుబాటు నెలకు 67 మంది, రోజుకు ఇద్దరు! వాయిదా కలిస్తే 4,233 మంది కావాలి, కొత్త హాలు అద్దె, సిబ్బంది కాక. ఇంకో చిక్కు: వాయిదాలో వడ్డీ మాత్రమే లాభనష్టాల పట్టికకు ఎక్కుతుంది, అసలు ఎక్కదు. పట్టికలో లాభం ఉంటుంది, గల్లాలో డబ్బు ఉండదు.

మీకు ముందు కావాల్సింది అత్యవసర నిధి. మూడు నెలల స్థిర ఖర్చు, అంటే 17.7 లక్షలు. వంటగది ఒక్క నెల మూతపడినా అద్దె ఆగదు, జీతాలు ఆగవు. ఇది లేకుండా విస్తరణ మాట ఎత్తకండి. అంత మొత్తం ఎక్కడినుంచి అంటారా? వారం వారం నిల్వ లెక్కించి, వడ్డన కొలతలు కచ్చితం చేసి సరుకు ఖర్చును 34 శాతం నుంచి 32కు దించండి. నెలకు 20 వేలు మిగులుతాయి, బ్రేక్ ఈవెన్ 3,806కు దిగుతుంది. ఆ మిగులు, ఇప్పుడున్న 10 వేలు విడి ఖాతాలో వేయండి. నిధి నిండటానికి ఏళ్లు పడుతుంది, నిజమే. అద్దె తగ్గించమని యజమానిని అడగండి. అగ్నిప్రమాద బీమా లేకపోతే ఈ నెలే తీసుకోండి.

హాలు అప్పటిదాకా ఆగాలి. అప్పుడైనా ఇంటి పత్రాలు బయటికి తీయకండి.