శేఖరానికి అత్తయ్య రాసిన ఉత్తరం

చిరంజీవి శేఖరానికి అత్తయ్య ఆశీస్సులు.

నాన్న నడుము కింద రూపాయి బిళ్లంత ఎర్రమచ్చ కనిపించిందనీ, తప్పు నీదేననీ నిన్న ఫోనులో అన్నావు. పక్షవాతంతో మంచం పట్టిన మనిషిని ఎనిమిది నెలలుగా ఒంటిచేత్తో చూసుకుంటున్నవాడు అనాల్సిన మాటేనా అది? మా అత్తగారిని మూడేళ్లు చూసుకున్నదాన్ని, ఆ మచ్చ నాకూ తెలుసు.

దాని మీద వేలితో నొక్కి వదులు. క్షణం పాటు తెల్లబడి మళ్లీ ఎర్రబడితే రక్తం ఆడుతోందన్నమాట. ఆ చోట బరువు పడకుండా చూస్తే తగ్గుతుంది. నొక్కినా రంగు మారకపోతే పుండు మొదలైనట్టే, ఆ రోజే డాక్టరుకు చూపించు. మన చామనచాయ ఒంటి మీద ఎరుపు అంతగా తేలదు. చేయి ఆనించి చూస్తే చుట్టుపక్కల కంటే వేడిగానో గట్టిగానో తగులుతుంది. రుద్దకు మాత్రం. నేను కొబ్బరినూనె పెట్టి రుద్ది రుద్ది తోలు లేపేశాను.

రెండు గంటలకోసారి పక్క మార్చమంటారు కదా, చంకల కింద చేతులు వేసి ఈడ్చకు. ఆ ఒరిపిడికే చర్మం చితుకుతుంది. పాత నూలు చీర నాలుగు మడతలు వేసి, భుజాల నుంచి తొడల దాకా వచ్చేలా ఆయన కింద పరిచి ఉంచు. ఇద్దరుంటే చెరో అంచు పట్టి ఎత్తి జరపండి. ఒక్కడివే ఉంటే అవతలి అంచు మెల్లగా నీ వైపు లాగు, ఆయనే ఒరుగుతాడు. వీపు వెనక ఒక దిండు పెట్టు. మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద ఇంకొకటి.

గాలి పరుపు అద్దెకు తెచ్చుకో. అది ఉన్నా పక్క మార్చక తప్పదు కానీ, రాత్రిపూట ఎడం పెంచవచ్చేమో డాక్టరును అడుగు. ఓర్చినమ్మకు తేటనీరు అంటారు. బావి దగ్గర ఓర్పుగా నిలబడ్డ ఆ తల్లి కూడా రాత్రి పడుకుని లేచే వచ్చి ఉంటుంది.

రోజూ చచ్చేవాడికి ఏడ్చేవారెవరన్నట్టు, మొదట్లో పళ్లు పట్టుకొచ్చిన చుట్టాలు ఇప్పుడు రారు. వాళ్ల సంగతి వదిలేయ్. ఒక రాత్రి మా అత్తగారు మూడోసారి పక్క తడిపినప్పుడు, ఈవిడ వెళ్లిపోతే బాగుండునని నాకే అనిపించింది. పొద్దున ఆవిడకు తల దువ్వుతూ సిగ్గుతో చచ్చిపోయాను. నీకూ అనిపించే ఉంటుంది. అలసిన ఒళ్లు అలాగే అంటుంది నాయనా, ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోకు.

దూరపు కొండలు నునుపు. మీ అన్నయ్యకు వీడియోలో కనిపించేది స్నానం చేయించి, బొట్టు పెట్టి కూర్చోబెట్టిన నాన్నే. వారానికి రెండు రాత్రులు, పది నుంచి ఆరు దాకా మనిషిని పెట్టడానికి డబ్బు పంపమను. నీకు మొహమాటమైతే నేనడుగుతాను, నాకు లేదు.

రెండో శనివారం వస్తున్నాను. నూలు చీరలు నాలుగు ఉతికి పెట్టాను.

మీ అత్తయ్య