ఫోన్‌లో చెదిరిపోయే ఈమెయిల్ సిగ్నేచర్

ప్రశ్న: సార్, నేను డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఉద్యోగాలకు మెయిల్స్ పంపడానికి ఒక డిజైన్ యాప్‌లో సిగ్నేచర్ చేసుకున్నాను. ఎడమవైపు ఫొటో, కుడివైపు పేరు, నంబరు, లింకులు. ల్యాప్‌టాప్‌లో చాలా బాగుంది కానీ ఫోన్‌లో అక్షరాలు చీమల్లా ఉన్నాయి. ఎలా సరిచేయాలి?

జవాబు: డిజైన్ యాప్ నుంచి మీరు డౌన్‌లోడ్ చేసింది మొత్తం ఒకే బొమ్మ అయి ఉంటుంది. చిక్కంతా అక్కడే. ఆ బొమ్మ వెడల్పు 600 పిక్సెళ్లు, అందులో అక్షరాల సైజు 14 అనుకోండి. ఫోన్‌లో మెయిల్‌కు దొరికే చోటు సుమారు 330 పిక్సెళ్లే. బొమ్మ అందులో ఇమడాలంటే దాదాపు సగానికి కుంచించుకుపోతుంది, దానితోపాటు అక్షరాలూ 8 కంటే చిన్నవైపోతాయి. అదే మామూలు టెక్స్ట్ అయితే సైజు తగ్గదు, చోటు చాలకపోతే కింది వరుసలోకి దిగుతుంది.

బొమ్మతో ఇంకో నష్టం ఉంది, నా లెక్కలో ఇదే పెద్దది. బొమ్మలోని నంబరును నొక్కి కాల్ చేయలేరు, కాపీ చేసుకోవడమూ కష్టమే. బొమ్మలు చూపించకుండా ఆపేసే మెయిల్ సెట్టింగ్ ఉన్నవాళ్లకైతే మీ పేరు కూడా కనిపించదు.

కాబట్టి పక్కపక్కన పెట్టడం మానేసి, ఒకదాని కింద ఒకటి టైప్ చేయండి. మొదటి వరుసలో పేరు బోల్డ్‌లో, తర్వాత కోర్సు, కాలేజీ, ఆ కింద ఫోన్ నంబరు, చివర ఒక్క లింకు. ఇంగ్లిష్‌లో రాస్తే ఒక్కో వరుస 35 అక్షరాలు దాటకుండా చూసుకోండి, అప్పుడు చాలా ఫోన్లలో విరగదు. పొడవాటి లింకును అలాగే అతికించకుండా "పోర్ట్‌ఫోలియో" అన్న మాటకు జోడించండి. నాలుగైదు సోషల్ మీడియా ఐకాన్లు వద్దు. చిన్న తెరమీద వేలు ఒకదానిమీద పెడితే ఇంకోటి తెరుచుకుంటుంది.

ఫొటో ఉండాల్సిందే అనుకుంటే పేరుకు పైన చిన్నది పెట్టండి, 80 పిక్సెళ్లు చాలు. ఫ్రెషర్‌కు అదీ అక్కర్లేదని నా అభిప్రాయం.

వర్డ్‌లో టైప్ చేసి తెచ్చి అతికిస్తే దాని రంగులు కూడా వెంట రావచ్చు. తెల్ల తెరమీద తేడా తెలియదు. డార్క్ మోడ్‌లో మాత్రం నల్లటి అక్షరాలు నల్లటి తెరలో కలిసిపోవచ్చు, లేదా వాటి వెనుక తెల్ల పట్టీ కనిపించవచ్చు. అతికించాక ఫార్మాటింగ్ తీసేసే బటన్ నొక్కి, బోల్డ్, లింకు మళ్లీ పెట్టుకోండి.

తర్వాత ల్యాప్‌టాప్ నుంచి మీకే ఒక మెయిల్ పంపుకుని, ఫోన్‌లో మామూలుగా ఒకసారి, డార్క్ మోడ్‌లో ఒకసారి తెరవండి. నంబరు నొక్కితే డయలర్ వస్తోందా చూడండి. జీమెయిల్ వాడుతుంటే ఇంకొకటి: ఫోన్ యాప్‌లో సిగ్నేచర్‌కు వేరే సెట్టింగ్ ఉంటుంది, అందులో ఉత్త టెక్స్ట్ మాత్రమే పెట్టగలం. పాతది ఏదైనా అక్కడ మిగిలిపోయి ఉంటే, ఫోన్ నుంచి పంపే మెయిల్స్‌లో అదే వెళ్తుంది.