సందు మొదట్లోనే దిగిపోయేవాళ్ళ గురించి మేనకోడలికి ఒక ఉత్తరం

కాకినాడ

చి. సౌ. లలితకి,

మామయ్య ఆశీస్సులు. థాయ్‌లాండ్ నుంచి నువ్వు రాసిన ఉత్తరం రెండుసార్లు చదివాను. "ఇక్కడ అందరూ అన్నిటికీ సరే అంటారు మామయ్యా, తీరా చూస్తే పని సగమే అయివుంటుంది, ఏం ఇబ్బందో చెప్పరు" అని రాశావు. బ్యాంకాక్ పక్కనే సముత్ ప్రాకాన్‌లో పద్నాలుగేళ్ళు విడిభాగాల ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చినవాణ్ణి. ఈ ఫిర్యాదు మొదటి ఏడాది నేనూ మీ అత్తయ్య దగ్గర రోజూ వినిపించేవాణ్ణి. పాపం ఆవిడ విసుక్కోలేదు, అదొకటి.

నువ్వు చూస్తున్నదాని పేరు థాయ్ భాషలో క్రెంగ్‌చై. ఇంగ్లీషులో జె పెట్టి రాస్తారు గానీ నోటితో పలికేది మన చ లాగానే ఉంటుంది. తొందరగా మాట్లాడేటప్పుడు రకారం కూడా మింగేసి కెంగ్‌చై అంటారు. క్రెంగ్ అంటే జంకు, చై అంటే మనసు. నా వల్ల ఎదుటివాళ్ళకి శ్రమ కలుగుతుందేమో, వాళ్ళ మనసు కష్టపడుతుందేమో అని ముందే వెనక్కి తగ్గడం.

మన మొహమాటమే కదా అనుకుంటావు. నేనూ అలాగే అనుకుని పప్పులో కాలేశాను. మొహమాటానికి ఎదురుగా ఒక మొహం ఉండాలి. మనిషి పక్కకి వెళ్ళిపోతే మొహమాటమూ పోతుంది. క్రెంగ్‌చైకి ఎదురుగా ఎవరూ అక్కర్లేదు. మా పై అంతస్తులో రాత్రి షిఫ్టు చేసే కుర్రాడొకడు ఉండేవాడు. రెండింటికి వచ్చి, మెట్ల కిందే బూట్లు విప్పి చేత్తో పట్టుకుని పైకెక్కేవాడు. ఒకరాత్రి నిద్ర పట్టక కిటికీలోంచి చూసినందువల్ల తెలిసింది గానీ, లేకపోతే ఆ సంగతి ఈ జన్మకి తెలిసేది కాదు. అక్కడ ఒకరిని గట్టిగా తిట్టాలంటే "వాడికి క్రెంగ్‌చై లేదు" అంటారు. గేటుకి అడ్డంగా కారు పెట్టిపోయేవాడు, అర్ధరాత్రి పాటలు పెట్టేవాడు ఆ మాట పడతారు.

నాకు ఇది ఒంటికి పట్టింది ఒక వానలో. లెక్కల విభాగంలో ఒకావిడ ఉండేది, నాకంటే పదేళ్ళు చిన్న. సాయంత్రం ఏడింటికి కుండపోతగా వాన. కార్లో ఎక్కించుకున్నాను. వాళ్ళ సోయ్ దగ్గరికి రాగానే "ఇక్కడ దిగితే చాలు ఫీ" అంది. సోయ్ అంటే సందు, ఫీ అంటే పెద్దవాళ్ళని పిలిచే పిలుపు, నీకీపాటికి అలవాటై ఉంటుంది. ఇంటిదాకా దింపుతానన్నాను. అక్కర్లేదంది. చాలంటే చాలు కాబోలు అని దింపేశాను. అక్కడి సందులు మన అగ్రహారం సందుల్లా పది ఇళ్ళతో ఆగవు, కిలోమీటర్లు పోతాయి. మొదట్లో నారింజ రంగు జాకెట్లేసుకుని బైకులవాళ్ళు ఉంటారు గానీ, ఆ వానలో ఒక్కడూ లేడు. ఆవిడ కిలోమీటరున్నర నడిచి వెళ్ళిందట. మూడు రోజులు జ్వరం. నాకు చెప్పింది ఆవిడ కాదు, క్యాంటీన్‌లో ఇంకొకాయన.

ఆయనే చిట్కా కూడా చెప్పాడు. "ఇంటిదాకా దింపనా అని అడిగితే వద్దనే అంటుంది. థాంగ్ ఫాన్ యూ లేవ్ అనాలి" అన్నాడు. ఎలాగూ అది నా దారే అని దాని అర్థం. ఆ తరవాత వాన పడ్డప్పుడు అదే మాట అన్నాను, చివర్లో పెట్రోలు బంకులో పని ఉందని కూడా కలిపాను. ఆవిడ ఒక్క మాట మాట్లాడకుండా గుమ్మం దాకా కూర్చుంది. ఆ దారి నాది కాదని ఆవిడకి తెలుసు, తెలుసని నాకూ తెలుసు. కానీ నేను కష్టపడుతున్నానన్న లెక్క మా ఇద్దరి మధ్యా లేకుండా పోయింది. "మయ్ తోంగ్ క్రెంగ్‌చై", అంటే మొహమాటపడకు, అని వాళ్ళు ఒకరితో ఒకరు రోజంతా అనుకుంటూనే ఉంటారు, ఆ మాట మర్యాదకే. నీ సాయం వల్ల నీకు ఖర్చు లేదని చూపించగలిగితేనే అవతలివాళ్ళు తీసుకుంటారు.

ఇప్పుడు నీ కింద పనిచేసే నోక్ సంగతి. శుక్రవారం సాయంత్రం ఐదింటికి, ఆరుగురు కూర్చున్న మీటింగులో, "సోమవారం పొద్దుటికి సరఫరాదార్ల పట్టిక ఇవ్వగలవా?" అన్నావు. "దాయ్ ఖా" అంది, చేస్తానండీ అని. ఆదివారం రాత్రి పదకొండు దాటాక సగం పట్టిక పంపింది. ఆ వారాంతం ఖోన్ కేన్‌లో అమ్మ దగ్గరికి వెళ్ళడానికి బస్సు టికెట్టు కొనుక్కుని, రద్దు చేసుకుందని తరవాత తెలిసింది. "చెప్పి ఉంటే ఆపేదాన్ని కదా" అని నీ బాధ.

చెప్పడానికి నువ్వు సందు వదల్లేదు తల్లీ. నువ్వు పై అధికారివి. పదిమందిలో అడిగావు. అవును, కాదు తప్ప ఇంకో జవాబు లేని ప్రశ్న అడిగావు. కాదంటే నీ మాట పడిపోతుంది, దానికి కారణం తనే అవుతుంది. ఆ పరిస్థితిలో "దాయ్" అంటే విన్నాను అని మాత్రమే. చేయగలను అని కాదు.

దాయ్‌లో తేడా పట్టుకోవడం పెద్ద విద్యేం కాదు. నిజంగా చేయగలిగినవాళ్ళు వెంటనే వివరాల్లోకి దిగుతారు. పాత సరఫరాదార్లు కూడా కావాలా, ధరలు బాత్‌లో వేయాలా డాలర్లలోనా, పొద్దున ఎన్నింటికి కావాలి అని అడుగుతారు. వట్టి దాయ్ అని నవ్వి పుస్తకం మూసేస్తే అనుమానించు. "దూ కోన్", అంటే ముందు చూస్తాను, అన్నారంటే చాలాసార్లు అది కుదరదనే. "మయ్ ఖోయ్ సదువక్", అంతగా వీలు కాదు, అన్నారంటే అది గట్టి కాదు. మళ్ళీ అడగకు, కారణం తవ్వకు.

మరి ఎలా అడగాలి? శుక్రవారం పొద్దున్నే, ఒంటరిగా, ఫోన్లో లైన్ యాప్‌లో చిన్న సందేశం పెట్టు. ఫోను మోగితే ఎత్తాలి, సందేశమైతే ఆలోచించుకుని జవాబివ్వొచ్చు. "నోంగ్ నోక్, ఈ పట్టిక సోమవారం ఇస్తే సరిపోతుంది, బుధవారమైనా ఇబ్బంది లేదు. నీకు ఏది సదువక్?" అని రాయి. నోంగ్ అంటే చిన్నవాళ్ళని పిలిచే పిలుపు, సదువక్ అంటే వీలు. చేయగలవా అని అడిగితే ఆమె సామర్థ్యం గురించి అడిగినట్టు ఉంటుంది. ఏ రోజు వీలని అడిగితే బుధవారం అనడంలో ఆమెకి నామోషీ లేదు, నీకు నొప్పీ లేదు. అయితే బుధవారం నిజంగా సరిపోతేనే ఆ మాట రాయి. ఒకసారి బుధవారమని, మంగళవారం మధ్యాహ్నం ఏమైందని వాకబు చేశావా, ఆ తరవాత నీ రెండు తేదీల్లో ముందుదే అసలుదని అందరికీ అర్థమైపోతుంది. నిజంగా సోమవారమే కావాలంటే అదే చెప్పు, దానికి బదులుగా ఆమె చేతిలో ఉన్న ఇంకే పని పక్కన పెట్టాలో నువ్వే తేల్చు.

ఇంకా తేలకపోతే మీ విభాగంలో పాత మనిషిని, అందరూ ఫీ అని పిలిచే ఆవిణ్ణి కదుపు. నోక్ నీతో చెప్పలేనిది ఆవిడతో చెబుతుంది. మధ్యవర్తిని పెట్టడం మనకి చాడీల వ్యవహారంలా కనిపిస్తుంది గానీ అక్కడ అది ఇద్దరి మొహమూ కాపాడే దారి.

క్రెంగ్‌చై నష్టం చేసే చోటు కూడా ఉంది, అది నా జేబులోంచి పోయింది. నేను నాలుగు రోజుల సెలవులో ఇంటికొచ్చాను. రెండో రోజే ఒక కుర్రాడు మా లైన్లో ఒక రంధ్రం కొలత తప్పుతోందని గమనించాడు. నేను తిరిగొచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు. నాలుగొందల ముక్కలు తుక్కులోకి పోయాయి. ఎందుకు ఫోన్ చేయలేదంటే, "ఫీ కుటుంబంతో ఉన్నారు, రోప్ కువన్ అవుతుందని" అన్నాడు. రోప్ కువన్ అంటే భంగం కలిగించడం. అరిచాను. అది ఇంకో తప్పు. ఆ తరవాత నెలరోజులు వాడు చిన్నచిన్న విషయాలు కూడా నా దగ్గరికి తేలేదు. దాన్ని క్రెంగ్‌చై అనరు, అది ఉత్త భయం. బయటికి రెండూ ఒకలాగే ఉంటాయి, అందుకే నీ కింద పనిచేసేవాళ్ళు నోరు మూసుకుంటే నీమీద గౌరవమని మురిసిపోకు.

ధైర్యంగా చెప్పండి అని ఉపన్యాసం ఇస్తే పని జరగలేదు. చివరికి గోడమీద మూడు మాటలు రాయించాను: కొలత తప్పితే, యంత్రం ఆగితే, ఎవరికైనా దెబ్బ తగిలితే, ఏ వేళైనా నాకు ఫోన్ చేయాలి. చేయకపోతే మర్నాడు పై అధికారి ముందు నేను జవాబు చెప్పుకోలేక ఇబ్బంది పడతాను అని కూడా వివరించాను. ఆ చివరి ముక్కే పనిచేసింది. చెప్పడం వల్ల కాదు, చెప్పకపోవడం వల్ల నాకు భారం అని తెలిశాక వాళ్ళ క్రెంగ్‌చైయే వాళ్ళచేత ఫోన్ చేయించింది. అప్పటినుంచి తెల్లవారుజామున నాలుగింటికి ఫోన్లు వచ్చేవి, మీ అత్తయ్య వాటికీ విసుక్కోలేదు.

ఇంకొకటి, నవ్వుతూ చదువు. నోక్‌ని ఇంటికి పిలిచి పులిహోర, గారెలు, పాయసం పెట్టానని, మూడోసారి కూడా వేయించుకుందని సంబరంగా రాశావు. మనింట్లో అతిథి రెండుసార్లు వద్దంటాడు, మనం మూడోసారి వడ్డిస్తాం, ఆట ఇద్దరికీ తెలుసు. ఆ పిల్లకి తెలియదు. నువ్వు వేసిన ప్రతిసారీ నీ మనసు కష్టపెట్టకూడదని తినేసింది. సోమవారం సెలవు పెట్టిందని కూడా నువ్వే రాశావు, రెండూ కలిపి చూసుకో. ఈసారి గిన్నెలన్నీ మధ్యలో పెట్టి ఎవరికి కావలసింది వాళ్ళని వేసుకోమను. వాళ్ళింట్లో తినేదీ అలాగే, ఉమ్మడి గిన్నెలోంచి ఒకటి రెండు చెంచాలు తన అన్నం మీదికి తీసుకుని, అది అయ్యాకే మళ్ళీ. చివరి ముక్క ఎవరూ ముట్టరు, అది వదిలేసినా గారెలు బాగాలేదని కాదు.

ఖోన్ కేన్ టికెట్టు గురించి నోక్‌కి క్షమాపణ చెబుతానన్నావు. చెప్పకు. చెప్తే నీకు తెలిసిందని ఆమెకి తెలిసి, నిన్ను బాధపెట్టానని ఇంకో భారం మోస్తుంది. వచ్చే పొడుగు సెలవులు ఎప్పుడో చూసి, దానికి ముందు శుక్రవారం మధ్యాహ్నం మీ విభాగం అందరికీ రెండింటికే ఇంటికెళ్ళమని చెప్పు. కారణం ఆమె పేరుతో ముడిపెట్టకు. ఎవరైనా అడిగితే, ఆ పూట నీకే ఎక్కడో పని ఉందను.

మీ మామయ్య