ఏ బాధా లేకపోయినా ఎంజీయూఎస్‌కి ఏటా పరీక్ష ఎందుకు?

“మాది కవిటి. అమ్మకి 62 ఏళ్లు. ఎంజీయూఎస్ అన్నారు, రక్తంలో ఎం ప్రోటీన్ డెసిలీటరుకి 0.8 గ్రాములు ఉందట. మందులు అక్కర్లేదన్నారు, మరి ఏటా పరీక్ష ఎందుకు?”

ఎందుకంటే ఎంజీయూఎస్ ఏడాదికి సుమారు నూటికి ఒకరిలో మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్ లాంటి జబ్బుగా మారుతుంది, ఆ మార్పు మొదట్లో ఒంటికి తెలియదు. ఎన్నేళ్లు గడిచినా ఈ రిస్క్ పోదు.

ఎముక మజ్జలోని ప్లాస్మా కణాలు రకరకాల యాంటీబాడీలు తయారుచేస్తాయి. ఒకే కణం సంతతి పెరిగి ఒకే రకం ప్రోటీన్ వదిలితే, అదే ఎం ప్రోటీన్, రిపోర్టు గ్రాఫ్‌లో సన్నటి ముల్లులా లేస్తుంది. అది డెసిలీటరుకి 3 గ్రాముల లోపుండి, మజ్జలో ఆ కణాలు 10 శాతం లోపే ఉండి, దానివల్ల రక్తహీనత రాక, ఎముకలు, కిడ్నీలు దెబ్బతినక, రక్తంలో కాల్షియం పెరగకపోతే ఎంజీయూఎస్ అంటారు. క్యాన్సర్ కాదు, టెన్షన్ పడకండి. మొదట ఆరు నెలలకు, తర్వాత సాధారణంగా ఏటా చూస్తారు.

ఉదాహరణకి, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఇప్పుడు 0.9 ఉండి, వచ్చే ఏడాది 1.8 అయిందనుకోండి. మన వైపు వెంటనే “ఉద్దానం కిడ్నీ జబ్బేలే” అనేస్తారు. పొరపాటు అక్కడే. ఈ ప్రోటీన్ ముక్కలైన లైట్ చైన్లు కూడా కిడ్నీని పాడుచేస్తాయి. మూత్రంలో ముంచే పట్టీ ముఖ్యంగా అల్బుమిన్‌నే పడుతుంది, వీటిని సరిగా పట్టదు. అందుకే ఏ కిడ్నీ డాక్టరు దగ్గరికెళ్లినా ఈ పాత రిపోర్టు చూపించి, ఫ్రీ లైట్ చైన్ పరీక్ష గురించి అడగండి.