వీసా సంగతి మూడు వాక్యాల్లో

విజయనగరం

చిరంజీవి అమ్మలూకి,

జర్మనీ సంస్థకు నువ్వు రాసిన కవర్ లెటర్ రాజాం నుంచి మొన్ననే అందింది. రెండుసార్లు చదివాను. ఇంగ్లీషు బాగానే ఉంది. చిక్కంతా వరసలో ఉంది. మొదటి వాక్యంలోనే 'దయచేసి నా వీసాను స్పాన్సర్ చేయగలరు' అని అడిగి, రెండో పేరాలో మీ ఇంటి పరిస్థితి చెప్పి, జనపనార మిల్లులో నువ్వు చేసిన పనిని చిట్టచివర ఒక్క ముక్కలో తేల్చేశావు. మ్యూనిక్ దగ్గర పనిచేసినన్నాళ్లూ ఇలాంటి దరఖాస్తులు చదవడం నా ఉద్యోగంలో భాగంగా ఉండేది. మొదటి నాలుగు వాక్యాల్లో పని కనబడని ఉత్తరాన్ని చివరిదాకా చదివిన సందర్భాలు నాకు పెద్దగా గుర్తులేవు.

కాబట్టి మిల్లుతో మొదలుపెట్టు. ఆరు వారాలపాటు స్పిన్నింగ్ ఫ్రేముల బేరింగుల కంపనాన్ని రోజూ ఒకే వేళకు కొలిచి నోటుపుస్తకంలో రాసుకున్నానని, చెయ్యి పెట్టి చూస్తే వేడి తెలియకముందే రెండు బేరింగులు పాడవబోతున్నట్టు ఆ అంకెల్లో కనిపించిందని ఫోనులో నాతో చెప్పావు కదా, ఆ మాటే ఉత్తరంలో లేదు. వాళ్లకు కావలసింది మెయింటెనెన్స్ ఇంజినీరు. నీ ఉత్తరంలో సగం ఆ నోటుపుస్తకమే ఉండాలి.

ఇక వీసా. 'స్పాన్సర్' అన్న మాట తీసెయ్యి. బ్రిటన్‌లో లైసెన్సున్న యజమాని స్పాన్సర్ చేయాలి కాబట్టి ఆ మాట అక్కడ చెల్లుతుంది. జర్మనీలో వీసాకు దరఖాస్తు చేసుకోవలసింది నువ్వే, సంస్థ ఇవ్వవలసింది ఉద్యోగ ఒప్పందం, దానితోపాటు ఉద్యోగ వివరాలు నింపిన ఒక ఫారం. ఆ మాట చూడగానే, ఏ దేశానికి రాస్తున్నదో ఈ అమ్మాయి చూసుకోలేదని చదివేవారికి అర్థమైపోతుంది.

సంస్థకు నిజంగా తెలియవలసిన సంగతి, నీ డిగ్రీ అక్కడ చెల్లుతుందా అన్నది. దానికి anabin అనే జర్మన్ జాబితాలో విశ్వవిద్యాలయం పేరుకు ఎదురుగా H+ ఉండాలి, నీ డిగ్రీ కూడా అక్కడి డిగ్రీకి సమానమని నమోదై ఉండాలి. ఇక్కడ మన జిల్లావాళ్లకు ఒక చిక్కుంది. విజయనగరం జేఎన్‌టీయూ 2022లో కాకినాడ నుంచి విడిపోయింది. నువ్వు చేరింది అంతకుముందు, పూర్తిచేసింది 2024లో. అందుకని డిగ్రీ పత్రం మీద అచ్చయిన పేరు అక్షరం పొల్లుపోకుండా చూసి, ఆ పేరుతోనే వెతుకు. కనబడకపోతే జర్మనీలోని ZAB అనే కేంద్ర కార్యాలయం నుంచి (పేరు విని నవ్వకు, మన 'జాబ్' కాదు) డిగ్రీ సమానతా పత్రం తెప్పించుకోవాలి. దానికి రుసుము, సమయం రెండూ పడతాయి కాబట్టి ఇంటర్వ్యూ వచ్చాక చూద్దామనుకోకు.

డిగ్రీ పూర్తిచేసిన సంవత్సరం తప్పకుండా రాయి. డిగ్రీ ఉన్నవారికి ఇచ్చే ఉద్యోగ అనుమతి బ్లూ కార్డుకు 2025లో మామూలుగా ఏడాదికి 48,300 యూరోల జీతం కావలసి ఉండగా, కొరత ఉన్న వృత్తులకూ, డిగ్రీ వచ్చి మూడేళ్లు దాటని కొత్తవారికీ 43,759.80 యూరోలు సరిపోయేవి. ఈ అంకెలు ఏటా మారతాయి కాబట్టి ఉత్తరంలో పెట్టకు, జీతం ప్రస్తావనే వద్దు. 2024 అన్న ఒక్క అంకె చూస్తే లెక్క తెలిసినవారు తామే వేసుకుంటారు.

చివరి పేరా ఇలా ఉంటే చాలు, ఇంగ్లీషులో నీ మాటల్లో రాసుకో: 'నేను భారత పౌరురాలిని, జర్మనీలో పనిచేయడానికి నాకు అనుమతి అవసరం. 2024లో పొందిన నా బీటెక్ డిగ్రీ అక్కడి డిగ్రీకి సమానమైనదిగా anabinలో నమోదై ఉంది, ఆ పేజీ జతచేశాను. ప్రస్తుత ఉద్యోగంలో రెండు నెలల నోటీసు ఉంది, ఒప్పందం అందిన వెంటనే వీసాకు దరఖాస్తు చేసి, అది రాగానే మీ ఊరికి మారగలను.' రెండో వాక్యం నువ్వు వెతికి చూసి నిజమని తేలాకే రాయాలి. లేకపోతే సమానతా పత్రానికి దరఖాస్తు చేశానని, ఏ తేదీన చేశావో రాయి.

'వెంటనే చేరగలను' అని మాత్రం రాయవద్దు. వీసా తేదీ నీ చేతిలో లేదు. అలా రాసిన ఒక కుర్రవాడి కోసం మా విభాగంలో కుర్చీ, కంప్యూటరు సిద్ధం చేసి నెలల తరబడి ఎదురుచూశాం. విమానం టిక్కెట్టు, ఇంటి అద్దె ఎవరు భరిస్తారన్నది ఒప్పందం మాటల్లో అడగవలసిన సంగతి, ఇందులో వద్దు.

మొత్తం ఒక పేజీ దాటనివ్వకు. అన్నట్టు, నువ్వు జతచేసిన మార్కుల మెమో స్కానులో రెండో పేజీ తలకిందులుగా ఉంది. అదీ సరిచేసి మళ్లీ పంపించు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న